ఎండాకాలం విందుకు ఐసు ఎంత, మజ్జిగ ఎంత: మనుషుల లెక్క వేరు, గంటల లెక్క వేరు

మే నెలలో కోనసీమలో ఆరుబయట విందు పెట్టుకునేవాళ్లు భోజనం లెక్క బాగానే వేస్తారు. ఎన్ని ఆకులు వేయాలి, ఎన్ని కిలోల బియ్యం పోయాలి అనేది వంట మేస్త్రి నోటిమీదే ఉంటుంది. ఐసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఓ రెండు దిమ్మలు చెప్పేద్దాం" అంటారు. ఆ రెండు దిమ్మలు పన్నెండు గంటలకల్లా నీరైపోతాయి. సరిగ్గా ఒంటిగంటకు, అందరూ ఆకుల ముందు కూర్చున్న వేళకు, మజ్జిగ గోరువెచ్చగా వస్తుంది.

మా ఇళ్లలో శుభకార్యాలకు నీళ్లు, మజ్జిగ, ఐసు చూసుకునే బాధ్యత చాలా ఏళ్లుగా నాదే. అనుభవంలో తేలింది ఒకటే. పానీయాలు మనుషులను బట్టి లెక్కవేయాలి, ఐసు గంటలను బట్టి లెక్కవేయాలి. ఈ రెంటినీ కలిపి "మనిషికి ఇన్ని కిలోల ఐసు" అనుకున్నప్పుడల్లా లెక్క తప్పుతుంది. కింద చెప్పే పద్ధతికి ఉదాహరణగా మా తమ్ముడి కూతురి ఓణీల వేడుకను తీసుకుంటాను. రాజోలు దగ్గర కొబ్బరితోటలో, రోహిణీ కార్తెలో, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు జరిగింది.

మొదట మనుషులు

బంధువులు 175 మంది అని తమ్ముడు చెప్పాడు. "మరి సన్నాయి మేళం, వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, షామియానా కుర్రాళ్లు, కార్ల డ్రైవర్లు?" అని అడిగాను. "వాళ్లను కూడా లెక్కలో వేస్తావా అక్కా?" అన్నాడు. ముందు వేయాల్సింది వాళ్లనే. అతిథి నీడలో కుర్చీలో కూర్చుంటాడు. వంటవాడు తెల్లవారుజాము నుంచి పొయ్యి ముందు నిలబడతాడు. అతిథి లీటరు నీళ్లు తాగితే వంటవాడు మూడు లీటర్లు తాగుతాడు. అలా పనివాళ్లు 25 మంది తేలారు. మొత్తం 200.

గ్లాసంటే ఇక్కడ 150 మిల్లీలీటర్ల కాగితం గ్లాసు. ఎండలోంచి వచ్చిన మనిషి మొదటి గంటలో రెండు గ్లాసుల చల్లటిది తాగుతాడు, ఆ తర్వాత గంటకొకటి. నాలుగు గంటల వేడుకైనా ఒక్కో అతిథి ఉండేది సగటున మూడు గంటలే. కనుక మనిషికి నాలుగు గ్లాసులు, అంటే 600 మిల్లీలీటర్లు. భోజనం చివర పోసే మజ్జిగ కూడా ఇందులోనే ఉంది. 200 మందికి 120 లీటర్లు.

ఆ 120 లీటర్లను నేను మూడుగా పంచాను. మజ్జిగ 70 లీటర్లు, నిమ్మరసం 35 లీటర్లు, పిల్లలకూ కుర్రాళ్లకూ సీసాల్లో కూల్‌డ్రింకులు 15 లీటర్లు, అంటే 200 మిల్లీలీటర్ల సీసాలు 75. మా వైపు రామచంద్రపురం ఆర్టోస్ పెడితే పెద్దవాళ్లు కూడా చేయి చాస్తారు కాబట్టి, అది పెట్టేవాళ్లు సీసాలు మరో 20 ఎక్కువ చెప్పుకోవడం మంచిది. పిల్లలు ఎక్కువగా వచ్చే వేడుకైతే నిమ్మరసం పెంచి మజ్జిగ తగ్గించాలి. పెద్దవాళ్లు ఎక్కువైతే దానికి తలకిందులు.

మంచినీళ్లు వేరే లెక్క. అతిథికి లీటరు చొప్పున 175, పనివాళ్లకు మూడేసి లీటర్ల చొప్పున 75, మొత్తం 250 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు 13 కావాలి. వీటికి ఐసు వేయను. నీళ్ల ప్లాంటువాళ్లే చల్లబరిచి, వేడి తగలని క్యాన్లలో పోసి ఇచ్చే కూలింగ్ క్యాన్లు ఇప్పుడు దాదాపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతున్నాయి. మూత తీయకుండా నీడలో ఉంచితే సాయంత్రం దాకా చల్లగానే ఉంటాయి. అయితే అన్నీ కూలింగ్ క్యాన్లు చెప్పకండి. 8 కూలింగ్, 5 మామూలు చెప్పాను. "నాకు చల్లనివి పడవమ్మా, మామూలు నీళ్లివ్వు" అనే పెద్దవాళ్లు ప్రతి విందులోనూ కనీసం ముప్ఫై మంది ఉంటారు. వాళ్లకు మామూలు నీళ్లు దొరక్కపోతే భోజనం అయ్యేదాకా దాహంతోనే కూర్చుంటారు.

తోటలోనే వేడుక కాబట్టి 60 బొండాలు దింపించాం. వాటిని లెక్కలో కలపలేదు, అవి అత్యవసరానికి. బొండం గురించి ఒక్క మాట. తెల్లవారగానే దింపి, ఎండ తగలని చోట తడి గోనెసంచి కప్పి ఉంచితే దానికి ఐసు అక్కర్లేదు. పైనున్న పీచే దానికి గోనెపట్టా. పది గంటలకు దింపితే మాత్రం చెట్టుమీదే వేడెక్కి ఉంటుంది.

ఐసు ఏ పని చేస్తుంది

కిలో ఐసు కరగడానికి 80 కిలోకేలరీల వేడి పీల్చుకుంటుంది. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతా లెక్కంతా మనమే వేసుకోవచ్చు. ఒక కిలోకేలరీ అంటే లీటరు నీటిని ఒక డిగ్రీ మార్చే వేడి. కరిగిన నీరు మళ్లీ సున్నా నుంచి 8 డిగ్రీల దాకా వేడెక్కుతూ ఇంకో 8 పీల్చుకుంటుంది. అంటే మజ్జిగను 8 డిగ్రీలకు తేవాలనుకుంటే కిలో ఐసు 88 కిలోకేలరీల పని చేస్తుంది. నీడలో ఉంచిన మజ్జిగ 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని 22 డిగ్రీలు దింపాలి. 88ని 22తో భాగిస్తే 4. కిలో ఐసుకు నాలుగు లీటర్ల మజ్జిగ చల్లబడుతుంది. ఐసు కూడా కరిగి మజ్జిగలోనే కలుస్తుంది కనుక చివరికి చేతికి వచ్చేది ఐదు లీటర్లు.

ఇక్కడే చాలామంది పోగొట్టుకునేది ఒకటుంది. మేడమీది ట్యాంకు నీళ్లు మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల దాకా వెళ్తాయి. అదే నీటిని ముందురోజు రాత్రే క్యాన్లలో పట్టి ఇంట్లో గచ్చుమీద ఉంచితే 30 దగ్గర ఉంటాయి. పది డిగ్రీల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ నూరు లీటర్లకు ఆ పది డిగ్రీలు దింపడానికే 11, 12 కిలోల ఐసు పోతుంది. మజ్జిగకు, షర్బత్‌కు వాడే నీరు రాత్రే నీడకు చేరాలి. ఇది ఖర్చు లేని ఐసు.

రెండో పని చల్లదనాన్ని నిలబెట్టడం. మన డెల్టాలో అసలు ఐసు తినేసేది ఇదే. స్టీలు డ్రమ్ములో చల్లటి మజ్జిగ పోసి పది నిమిషాలు ఆగి చూడండి. పక్కలంతా నీటి బొట్లు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి, చారలు కట్టి కిందికి జారుతాయి. డ్రమ్ము అడుగున మట్టి తడిసి నల్లబడుతుంది. ఆ నీరు డ్రమ్ము లోపలిది కాదు, మన ఉక్కపోత గాలిలోది. ఆవిరి నీరుగా మారేటప్పుడు తన వేడినంతా పాత్రకు ఇచ్చేస్తుంది. అలా బయట ఒక గ్లాసెడు, 150 మిల్లీలీటర్ల నీరు పట్టిందంటే లోపల కిలోకు పైగా ఐసు కరిగిందన్న మాట. చెమట పట్టిన డ్రమ్ము చూసి "భలే చల్లగా ఉంది" అని సంతోషిస్తాం. నిజానికి ఐసు పోతున్న గుర్తు అదే. పొడిగాలి ఉండే ఊళ్లలో తడిగుడ్డ చుడితే చల్లబడుతుంది, కుండలో నీళ్లు చల్లబడతాయి. గోదావరి పాయల మధ్య, సముద్రం పక్కన ఆ ఉపాయం సగమే పనిచేస్తుంది. ఇక్కడ డ్రమ్ముకు చుట్టాల్సింది పొడి గోనెసంచి, రెండు మడతలు. తడిస్తే మార్చాలి.

ఏమీ చుట్టని 50 లీటర్ల స్టీలు డ్రమ్ము నీడలో ఉన్నా గంటకు ఐదారు కిలోల ఐసు తింటుంది. గోనె చుట్టి, మూతపెట్టి, ఐసునీళ్ల తొట్టిలో నిలబెడితే నాలుగు కిలోలకు తగ్గుతుంది. డ్రమ్ములో మజ్జిగ సగం తాగేసినా, దాని చుట్టూ పది మందే నిలబడినా ఈ నాలుగు కిలోలు మారవు. ఐసు గంటలను బట్టి పోతుందని మొదట్లో అన్నది ఇందుకే.

లోపలి ఐసు, బయటి ఐసు

ఈ విభజన లేకుండా మన ప్రాంతంలో ఐసు లెక్క వేయకూడదు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం చుట్టూ ఐసు ఫ్యాక్టరీలు ఉన్నది ప్రధానంగా చేపల కోసం, రొయ్యల కోసం. అక్కడి దిమ్మ మంచినీటితో చేసిందనే నమ్మకం లేదు. చేసినా, అది దొర్లిన నేల, ఎక్కిన బండి రొయ్యలవే. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని క్రిములు చావవు, నిద్రపోతాయి. గ్లాసులో కరగగానే లేస్తాయి.

తినడానికి పనికిరాని ఐసు తెలిసిపోయేలా నీలం రంగు కలపాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో ఆదేశించింది. కనుక నీలి ఛాయ కనిపిస్తే అది గ్లాసులోకి పోకూడదు. అయితే తెల్లగా ఉన్నంత మాత్రాన తాగడానికి పనికొస్తుందని అనుకోకూడదు. దిమ్మ నడుమ తెల్లగా మబ్బులా ఉండటం గాలి బుడగల వల్ల. అదీ మంచి చెడ్డలు చెప్పదు. ముక్కును నమ్మండి. ఒకసారి మా బంధువుల గృహప్రవేశానికి వచ్చిన దిమ్మలు అద్దంలా ఉన్నాయి. గోనె తీసి వంగేసరికి నీచువాసన కొట్టింది. ఆ బండిలో తెల్లవారుజామున రొయ్యలు వెళ్లాయట. మొత్తం ఐసునూ సీసాల తొట్టికే వాడి, మజ్జిగలోకి పక్క ఊరి నుంచి ప్యాకెట్ల ఐసు తెప్పించాం.

అందుకని నా పద్ధతి ఇది. గ్లాసులోకి వెళ్లేది లోపలి ఐసు. దాన్ని మంచినీటితో చేసి, మూతికట్టిన ప్యాకెట్లలో అమ్మే చిన్న ముక్కల ఐసే కొంటాను. లేదా రెండు మూడు ఇళ్ల ఫ్రిజ్‌లలో, కాచి చల్లార్చిన నీటిని స్టీలు గిన్నెల్లో పోసి రెండు రోజుల ముందు నుంచి గడ్డకట్టిస్తాను. ఒక ఇంటి ఫ్రిజ్‌లో రాత్రికి రెండు మూడు కిలోలకు మించి కాదు కనుక 50 మంది దాటితే ప్యాకెట్లు తప్పవు. తొట్టిలో, డ్రమ్ము చుట్టూ ఉండేది బయటి ఐసు. దానికి ఫ్యాక్టరీ దిమ్మ చాలు. రెంటికీ వేరు వేరు సంచులు, వేరు వేరు గరిటెలు. తొట్టిలో చేయి పెట్టిన కుర్రాడు అదే చేత్తో లోపలి ఐసు తీయకూడదు. దానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాలి.

లెక్క వేసి చూద్దాం

లోపలి ఐసు: మజ్జిగ, నిమ్మరసం కలిపి 105 లీటర్లు. ఐదు లీటర్లకు కిలో చొప్పున 21 కిలోలు. విప్పేటప్పుడు, మోసేటప్పుడు పోయేది కలిపి 25 కిలోలు.

బయటి ఐసు: రెండు డ్రమ్ములు, నాలుగు గంటలు, గంటకు నాలుగేసి కిలోలు, వెరసి 32. సీసాల తొట్టికి, సీసాల్లో ఎన్ని లీటర్లుంటే అన్ని కిలోలు చల్లబరచడానికి, అంటే 15, పైగా తొట్టి నిలవడానికి 10. మొత్తం 57. దిమ్మ రావడానికి అయిన ప్రయాణం, పగలగొట్టడంలో చిందినది కలిపి ఐదోవంతు ఎక్కువ వేసుకుంటే 70 కిలోలు.

రెండూ కలిపి 95 కిలోలు. మనిషికి అరకిలోకు కొంచెం తక్కువ. ఇదే లెక్క మిగతా సంఖ్యలకు వేస్తే ఇలా వస్తుంది. అన్నీ నీడలో, నాలుగు గంటల వేడుకకు:

50 మందికి పానీయాలు 30 లీటర్లు, లోపలి ఐసు 7 కిలోలు, బయటిది 36 కిలోలు.
100 మందికి పానీయాలు 60 లీటర్లు, లోపలి ఐసు 13 కిలోలు, బయటిది 40 కిలోలు.
200 మందికి పానీయాలు 120 లీటర్లు, లోపలి ఐసు 25 కిలోలు, బయటిది 70 కిలోలు.
500 మందికి పానీయాలు 300 లీటర్లు, లోపలి ఐసు 63 కిలోలు, బయటిది 145 కిలోలు.

50 మందికి మనిషికి దాదాపు 900 గ్రాములు పడుతోంది, 500 మందికి 400 గ్రాములు చాలుతోంది. చిన్న విందుకే తలసరి ఐసు ఎక్కువ. డ్రమ్ము ఒకటే, తొట్టి ఒకటే, అవి తినే ఐసు మాత్రం తగ్గదు. "500 మందికి 200 కిలోలు సరిపోయాయి, మనవాళ్లు 50 మందే కదా, 20 చాలు" అనుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. 50 మంది లోపు విందుకు డ్రమ్ము మానేసి, మూతగట్టిగా ఉండే వేడి తగలని క్యాన్‌లో మజ్జిగ పోస్తే బయటి ఐసు సగానికి సగం తగ్గుతుంది.

గంట పెరిగితే ప్రతి డ్రమ్ముకూ నాలుగు కిలోలు, సీసాల తొట్టికి మూడు కిలోలు కలపండి. నీడ లేకపోతే ఈ లెక్కలేవీ నిలవవు, ముందు తాటాకు పందిరి వేయించండి. ప్లాస్టిక్ షామియానా కింద గాలి ఉడికిపోతుంది. కొబ్బరి చెట్ల నీడ దానికంటే మేలు. అయితే నీడ కదులుతుంది. పదకొండింటికి నీడ పడిన చోటు చూసి డ్రమ్ములు పెడితే రెండింటికి ఎండ వాటి నెత్తిమీదే ఉంటుంది. ముందురోజు రెండింటికి వెళ్లి నీడ ఎక్కడ పడుతోందో చూసి గుర్తు పెట్టుకోవాలి.

ఐసు చెప్పడం, నిలవ చేయడం

మూడు రోజుల ముందే ఫ్యాక్టరీకి చెప్పాలి. చెరువు పట్టుబడులు వరసగా ఉన్న రోజుల్లో తెల్లవారేసరికి దిమ్మలన్నీ రొయ్యల బళ్లకే వెళ్లిపోతాయి. "ఒక దిమ్మ" అని చెప్పకండి. దిమ్మ బరువు ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కోలా ఉంటుంది. కిలోల్లో చెప్పి, ఉదయం 8 గంటలకు ఇంటికి చేరేలా మాట్లాడుకోండి. ముందురోజు రాత్రి తెచ్చుకుంటే తెల్లవారేసరికి మంచి భాగం కరిగిపోతుంది.

మా వంట మేస్త్రి దిమ్మ దించుతుంటే ఆపి, "అమ్మా, గచ్చుమీద పెట్టకండి. చెక్కలు వేసి, ఊక పోసి, దానిమీద పెట్టండి" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. గచ్చు రోజంతా పీల్చుకున్న వేడిని దిమ్మ అడుగుకు ఇస్తూ ఉంటుంది. రెండు చెక్కల మీద జానెడు ఊక, ఆపైన దిమ్మ, చుట్టూ మళ్లీ ఊక, పైన రెండు గోనెలు. దాళ్వా కోతల తర్వాత మన వైపు ఊకకు కొదవ లేదు. ఊక మధ్యలో చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది కాబట్టి ఊక తడిసి ముద్దైతే పనిచేయదు. కరిగిన నీరు చెక్కల సందుల్లోంచి కిందికి పోవాలి.

సీసాల తొట్టిలో సరిగ్గా దీనికి వ్యతిరేకం చేయాలి. అక్కడ కరిగిన నీటిని పారబోయకూడదు. ఉత్త ఐసు ముక్కల మీద సీసా పెడితే అది రెండు మూడు చోట్లే తగులుతుంది, మిగతాదంతా గాలే. ఐసునీళ్లలో మునిగితే సీసా చుట్టూరా చల్లదనం తగులుతుంది. తొట్టిలో సగం ఐసు, సీసాల మెడ దాకా నీళ్లు పోసి, మధ్యమధ్య కలిపితే 200 మిల్లీలీటర్ల సీసా ఇరవై నిమిషాల్లో తాగడానికి సిద్ధమవుతుంది. 75 సీసాలూ ఒకేసారి దించకండి. 40 దించి, అవి సగమయ్యాక మిగతావి. కొందరు ఉప్పు వేస్తారు. తొందరగా చల్లబడే మాట నిజమే కానీ ఐసు కూడా అంతే తొందరగా అయిపోతుంది. అనుకోకుండా జనం ఎక్కువైతే తప్ప ఉప్పు జోలికి వెళ్లను.

దిమ్మను అవసరమైనంత వరకే పగలగొట్టాలి. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా కరుగుతుంది. తొట్టికి పిడికిలంత ముక్కలు, డ్రమ్ము చుట్టూ కొబ్బరికాయంత ముక్కలు సరిపోతాయి.

మజ్జిగ పలచబడకుండా

చిక్కగా చిలికిన మజ్జిగలో ఐసు వేస్తే రెండో గంటకల్లా కడుగునీళ్లలా అవుతుంది. దానికి ఉపాయం ఐసును నీటి కింద లెక్కవేయడమే. 70 లీటర్ల మజ్జిగకు పెరుగు 18 లీటర్లు కావాలి, ఒకటికి మూడు పాళ్లకు దగ్గరగా. మిగిలిన 52 లీటర్లూ నీళ్లు పోయకూడదు. 38 లీటర్ల నీళ్లు, 14 కిలోల ఐసు. ఐసు కరిగాకే మజ్జిగ అనుకున్న చిక్కదనానికి వస్తుంది. ఉప్పు కూడా మొత్తం 70 లీటర్లకే, లీటరుకు ఐదు గ్రాముల చొప్పున 350 గ్రాములు. ఐసు వేయకముందు రుచి చూస్తే ఉప్పగానే ఉంటుంది, కంగారుపడి నీళ్లు పోయకండి. అల్లం, పచ్చిమిర్చి దంచి గుడ్డలో మూటకట్టి వేస్తే గొంతులో పలుకులు తగలవు. నలిపిన దబ్బాకులు గంట ముందు వేసి తీసేయాలి. ఎక్కువసేపుంటే చేదెక్కుతుంది.

70 లీటర్లూ ఒకేసారి కలపలేదు. పదిన్నరకు 35, పన్నెండుంబావుకు 35. రెండో విడత పెరుగు మూతపెట్టిన స్టీలు డబ్బాల్లో ఐసు తొట్టిలోనే ఉంది. దీనివల్ల భోజనాల వేళకు మజ్జిగ పులవదు, మొదటి డ్రమ్ము ఖాళీ అవుతున్న వేగాన్ని బట్టి రెండో విడత తగ్గించే వీలూ ఉంటుంది. కలిపిన మజ్జిగ చల్లదనం పోయి రెండు గంటలు దాటితే ఎవరికీ పోయకండి.

నిమ్మరసం కూడా అంతే. 35 లీటర్లలో 28 లీటర్ల నీళ్లు, 7 కిలోల ఐసు. పంచదార 3.5 కిలోలు ముందే కొద్ది నీళ్లలో పాకంలా కాచి చల్లార్చాలి. చల్లటి నీళ్లలో వేసిన పంచదార అడుగునే ఉండిపోయి, మొదటి గ్లాసులు పుల్లగా, చివరివి బెల్లప్పాకంలా వస్తాయి. మధ్యస్థం కాయలు 45 నుంచి 50. పిండిన రసాన్ని వడ్డించేముందే కలపాలి, తొక్కలు అందులో వదలకూడదు. పంచదార లేకుండా, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు నాలుగైదు లీటర్లు పక్కన ఉంచితే చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు అడగకుండానే తీసుకుంటారు.

ఆ రోజు ఏం జరిగింది

ఎనిమిదింటికి ఐసు వచ్చింది. తూచి చూస్తే 70కి 64 కిలోలే ఉంది. దారిలో కరిగిందో, ముందే తక్కువుందో తేలలేదు. అందుకే తూకం రాయి లేదా కాటా దగ్గర ఉండాలి. తొమ్మిదింటికి తొట్లలో నీళ్లు, ఐసు, సీసాలు. పదిన్నరకు మొదటి విడత మజ్జిగ.

పదకొండున్నరకు మేళంవాళ్లు, డ్రైవర్లు ఒక్కసారిగా రావడంతో నిమ్మరసం సగం అయిపోయింది. నేను అనుకున్నదానికంటే అది అరగంట ముందు. పిల్లలు సీసాలకంటే నిమ్మరసమే ఎక్కువ తాగారు. మజ్జిగ రెండో విడతలో పది లీటర్లు తగ్గించి, ఆ ఐసుతో మరో పది లీటర్ల నిమ్మరసం కలిపాం. ఒంటిగంటకు వేలు ముంచి చూస్తే రెండు డ్రమ్ములూ చల్లగానే ఉన్నాయి, ఐసు ముక్కలు ఇంకా పైన తేలుతున్నాయి. వడ్డన మధ్యలో ఆ ముక్కలు కనిపించకపోతే అప్పుడు అదనపు ఐసు వేయాలి. మజ్జిగ వేడెక్కేదాకా ఆగకండి.

రెండున్నరకు పశ్చిమం ఎండ సీసాల తొట్టిని అందుకుంది. ముందురోజు నీడ చూసినా తొట్టి పెట్టిన కుర్రాళ్లు రెండు గజాలు అవతల పెట్టారు. అరగంటలో అందులో ఐసంతా పోయింది. ఇద్దరు కలిసి లాగి చెట్టు కిందికి తెచ్చేసరికి నీళ్లు మాత్రమే మిగిలాయి. అదృష్టవశాత్తూ అప్పటికి సీసాలు 12 మాత్రమే మిగిలి ఉన్నాయి.

మూడున్నరకు లెక్క చూస్తే ఊకలో దిమ్మ ముక్క 5 కిలోలు, ప్యాకెట్ల ఐసు 2 కిలోలు, మజ్జిగ 6 లీటర్లు, బొండాలు 22, విప్పని కూలింగ్ క్యాను ఒకటి మిగిలాయి. ఆగస్టులో మళ్లీ ఇంట్లో ఒక కార్యం ఉంది, 120 మంది. అప్పటి కోసం నా పుస్తకంలో రాసుకున్నవి ఇవి: నిమ్మరసం 30 లీటర్లు, మజ్జిగ 35, సీసాలు 30 చాలు, తొట్టి చుట్టూ నీడ గీత సుద్దతో గీయాలి, ఐసు బండి రాగానే కాటా.